రెండు లిపుల ఊళ్లో షార్ట్ ఫిలిం బ్యానర్‌కి పేరు పెట్టడం: టీకొట్టు చీటీల నుంచి ట్రేడ్‌మార్క్ దాకా

మా మొదటి బ్యానర్ పేరు ఏటిగట్టు క్రియేషన్స్. పర్లాకిమిడిలో మహేంద్రతనయ ఒడ్డున కూర్చుని పెట్టుకున్న పేరు కాబట్టి మా నలుగురికీ తెగ నచ్చేసింది. యూట్యూబ్‌లో Yetigattu అని రాశాం, పోస్టర్ చేసినవాడు Etigattu అని వేశాడు. ఒడిశాలోనే ఒక పోటీకి పంపితే స్టేజి మీద యాంకరమ్మ 'యేతి... గట్టూ' అని చదివింది. హిమాలయాల్లో తిరుగుతుందనే మంచు మనిషి గురించి సినిమా తీశామేమో అనుకుని జనం చప్పట్లు కొట్టారు. సరే, నవ్వుకున్నాం. కానీ ప్రైజు డబ్బు చెక్కు మీద 'Yeti Gattu Creation' అని వచ్చింది. ఆ పేరుతో మాకు బ్యాంకు ఖాతా లేదు, ఏ స్పెల్లింగుతోనూ లేదు. చెక్కు తిరిగి పంపి, మనిషి పేరు మీద మళ్లీ రాయించుకునేసరికి రెండు నెలలు పట్టింది.

అప్పుడు పేరు మార్చుకున్నాం. ఈసారి ఎలా చేశామో, ఏ మెట్టు దగ్గర ఏం తెలుసుకున్నామో వరసగా రాస్తున్నాను. పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ వైపు తెలుగు కుర్రాళ్ల కోసం ముఖ్యంగా. మహారాష్ట్ర వైపు సిరొంచ, కిన్వట్ వాళ్లకి కూడా చాలావరకు ఇదే పనికొస్తుంది. తేడా ఉన్నచోట చెబుతాను.

ముందు తేల్చుకోవాల్సింది: ఈ పేరుతో ఏం అమ్ముతారు?

ఇది వినడానికి వింతగా ఉంటుంది. షార్ట్ ఫిలింతో ఏం అమ్ముతాం, ఎదురు పెట్టుబడే కదా. కానీ మన ఊళ్లలో కెమెరా ఉన్నవాడు పెళ్లి షూట్లకి వెళ్తాడు, ఎడిటింగ్ తెలిసినవాడు షాపుల ప్రకటనలు చేసిపెడతాడు, ఆ డబ్బుతోనే సినిమా తీస్తాం. ఆ మూడు పనులకీ ఒకటే పేరు వాడతారా, సినిమాకి మాత్రమే వేరే పేరు ఉంచుతారా అన్నది మొదటే అనుకోవాలి.

ఎందుకంటే ట్రేడ్‌మార్క్ లెక్కలో పనులన్నీ వర్గాలుగా విడిపోయి ఉంటాయి. సినిమాల నిర్మాణం 41వ వర్గంలోకి వస్తుంది. ఫొటోగ్రఫీ, వీడియో తీయడం కూడా ఆ 41లోనే. ప్రకటన చిత్రాలు మాత్రం 35లోకి వెళ్లిపోతాయి. దీని అర్థం ఏమిటంటే, మీ పక్క వీధిలో పెళ్లిళ్ల స్టూడియో వాడి పేరూ మీ సినిమా బ్యానర్ పేరూ ఒకేలా ఉంటే 'ఆయనది పెళ్లిళ్ల పని, మాది కళ' అని చెప్పుకున్నా కుదరదు. ఇద్దరిదీ ఒకే వర్గం.

మేం పెళ్లి షూట్లని మా కెమెరా వాడి సొంత పేరు మీదే వదిలేశాం. బ్యానర్ పేరు సినిమాలకి మాత్రమే. పెళ్లి ఆల్బం బాగోలేదని ఎవరైనా తిట్టినా ఆ తిట్టు సినిమాకి అంటదు.

చీటీలు: ఇరవై రాసి పద్దెనిమిది చింపండి

నలుగురూ తలా ఐదు పేర్లు, ఒకరికొకరు చూపించుకోకుండా రాయండి. చర్చ పెట్టుకుంటూ రాస్తే గొంతు పెద్దవాడి పేరే మిగులుతుంది. మా ఇరవై చీటీల్లో నాలుగు రకాలు కనబడ్డాయి. మీవీ దాదాపు ఇవే అయ్యుంటాయి.

ఒకటి, మా పేర్ల మొదటి అక్షరాలు కలిపినవి. ఇవి వెంటనే తీసేశాం. నలుగురిలో ఒకడు ఉద్యోగం వచ్చి విశాఖ వెళ్లిపోతే వాడి అక్షరం బ్యానర్‌లో ఉండిపోతుంది. ఐదోవాడు చేరితే వాడికి చోటుండదు. పైగా నాలుగు ఇంగ్లీషు అక్షరాల కూర్పులు ఇప్పటికే లెక్కలేనన్ని ఉన్నాయి, వెతికితే ఏదో ఒకటి తగులుతుంది.

రెండోది, ఊరి పేర్లు, ఏటి పేర్లు, కొండ పేర్లు. వంశధార పిక్చర్స్, మహేంద్ర ఫిలిమ్స్, గజపతి టాకీస్. మనసుకి ఇవే దగ్గరగా ఉంటాయి. చిక్కు కూడా ఇక్కడే ఉంది. చోటుని సూచించే పేరుని ఒక్కరి సొంతం చేయడానికి ట్రేడ్‌మార్క్ చట్టంలో 9వ సెక్షన్ అడ్డుపడొచ్చు. వంశధార దగ్గర వంశధార అని పేరున్న దుకాణాలు ఎన్నుంటాయో మీకు తెలియంది కాదు. 'మహేంద్ర' అన్నది మాకు మహేంద్రగిరి కొండ. ఊరి బయటివాళ్లకి వినబడేది మాత్రం మహీంద్రా. అంత పెద్ద కంపెనీ పేరుకి దగ్గరగా వినబడే పేరుని చీటీ దశలోనే వదిలేయడం మంచిది, తర్వాత వదిలితే ఖర్చు.

మూడోది, సినిమా మాటలే పేరుగా పెట్టినవి. ఫ్రేమ్, కట్, రీల్, క్లాప్. మా వాడొకడు 'న్యారో గేజ్ ఫిలిమ్స్' అని రాశాడు. అది చూసి నేను లేచి నిలబడ్డాను. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన రైలు న్యారో గేజే, తర్వాత బ్రాడ్‌గేజ్ అయింది. 16 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్ల చిన్న ఫిలిం చుట్టల్నీ సినిమా వాళ్లు న్యారో గేజ్ అనే అంటారు. రైలు, సినిమా, చిన్నతనం, మూడూ ఒకే మాటలో! కానీ ఆ అందమే దానికి దెబ్బ. సినిమా పనిలో ఇప్పటికే వాడుకలో ఉన్న మాటని సినిమా బ్యానర్‌కి పెడితే, ఇది పనిని వర్ణించే మాట తప్ప పేరు కాదని అభ్యంతరం రావచ్చు. చెప్పుల దుకాణానికైతే భేషైన పేరు. ఈ లెక్క గుర్తుంచుకోండి: మీ పనికి ఎంత సంబంధం లేని మాట అయితే పేరుగా అంత గట్టిగా నిలబడుతుంది.

నాలుగోది, ఎవరూ ఊహించని మామూలు మాటలు. మిగిలేవి ఇక్కడి నుంచే.

మూడు నోళ్ల పరీక్ష

సరిహద్దు వాళ్లకి ఈ మెట్టే అసలైనది. హైదరాబాదు కుర్రాడి బ్యానర్ పేరు తెలుగు నోటికి తిరిగితే చాలు. మన పేరు తెలుగువాడు పలకాలి, ఒడియా వాడు పలకాలి, ఇంగ్లీషు అక్షరాల్లో చూసి ఈ రెండూ రానివాడూ పలకాలి. మూడు చోట్లా అదే పేరుగా మిగలాలి.

ఒడియాలోకి వెళ్తే ఏం మారుతుందో కొంచెం చూద్దాం. మన వ అక్కడ బ అవుతుంది, అందుకే మన వంశధార వాళ్లకి బంసధార. మాట మొదట్లో య ఉంటే జ అయిపోతుంది, యాత్ర జాత్రా అయినట్టు. శ, ష, స మూడూ స లాగే పలుకుతారు. మన అకారం వాళ్ల నోట్లో ఒకారం వైపు వంగుతుంది. ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపించే అక్షరాలు ఆ లిపిలో లేవు. కాబట్టి వ, య, శ లతో మొదలయ్యే పేరు పెట్టుకుంటే మీ పేరు రెండు పేర్లుగా బతుకుతుందని ముందే తెలుసుకోండి. అది తప్పని కాదు. కానీ ఇంగ్లీషులో V తో రాయాలా B తో రాయాలా అన్న గొడవ జీవితాంతం ఉంటుంది. వెతికేవాడు ఒకటి కొడతాడు, మీరు ఇంకోదానిలో ఉంటారు.

ఉచ్చారణ కంటే ముఖ్యం అర్థం. 'పాట పిక్చర్స్' అని మా చీటీల్లో ఒకటుంది. ఒడియాలో పాట అంటే పట్టు, పట్టుచీరలోని పట్టు. బ్యానర్ కాస్తా చీరల కొట్టయిపోతుంది. 'పని' అన్న మాటని Pani అని రాస్తే ఒడియా వాళ్లకి, హిందీ వాళ్లకి అది నీళ్లు. అన్నిటికంటే నాకు బాధ కలిగించింది 'సన్నబండి'. పాత చిన్న రైలుకి తెలుగు పేరులా నేనే కట్టిన మాట అది. Sannabandi అని కాగితం మీద రాసి మా ఒడియా మిత్రుడికి చూపించాను. 'సాన బందీ? చిన్న ఖైదీనా? జైలు కథా భాయ్?' అన్నాడు. ఒడియాలో సాన అంటే చిన్న, బందీ అంటే బందీయే. ఒడియా లిపిలో రాస్తే డి కి, ది కి తేడా తెలుస్తుంది. పోస్టర్ మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలియదు. చీటీ చింపేశాను.

పరీక్ష చేసే పద్ధతి ఇది. పేరుని ఎవరికీ రాసి చూపించొద్దు. ఫోన్ చేసి, ఒక్కసారి మామూలుగా చెప్పి, 'విన్నది రాసి ఫొటో పంపు' అనండి. ఇద్దరు ఒడియా వాళ్లు ఒడియాలో, ఇద్దరు తెలుగువాళ్లు తెలుగులో, రెండు భాషలూ రాని ఒకరు ఇంగ్లీషులో రాయాలి. మర్నాడు ఆ ఫొటోలని వేరే ఐదుగురికి పంపి, చదివి వాయిస్ మెసేజ్ పెట్టమనండి. తిరిగి వచ్చిన ఐదు గొంతుల్లో నాలుగింటిలో మీ పేరు మీకు వినబడితే పాసైనట్టే. ఐదుకి ఐదు రావాలని పట్టుబట్టకండి, ఆ పరీక్షలో నా సొంత పేరే ఫెయిలవుతుంది.

స్నేహితుల్ని కాకుండా కొంచెం దూరం వాళ్లని అడగండి. దగ్గరివాళ్లకి మీరు ఏం చెప్పబోతున్నారో ముందే తెలిసిపోయి ఉంటుంది, వాళ్లు చెవితో వినరు.

మహారాష్ట్ర వైపు వాళ్లకి ఇక్కడ ఒక తేడా. మరాఠీలో మాట చివరి అకారం పలకరు. తెలుగులో 'ర' తో ముగిసే పేరు అక్కడ 'ర్' తో ఆగిపోతుంది. అలా ఆగినా బాగుండే పేరు చూసుకోండి.

మా పేరు దొరికిన తీరు

న్యారో గేజ్ పోయింది, సన్నబండి పోయింది. అయినా ఆ రైలు మాత్రం మా నలుగురి బుర్రల్లోంచి దిగలేదు. స్టేషన్ దగ్గర టీ తాగుతుంటే మా ఎడిటర్ వాళ్ల తాత అన్నాడు: 'మీరంతా రైలు రైలంటన్నారు గానీ, ఆ పట్టాల మధ్య ఎడం ఎంతో తెలుసేట్రా? రెండున్నర అడుగులే. గేదె అడ్డం పడుకుంటే బండి ఆగిపోయేది.' గేదె సంగతి నేను హామీ ఇవ్వను. కొలత మాత్రం నిజమే, 2 అడుగుల 6 అంగుళాలు.

రెండున్నర. ఆ మాట నాకు వెంటనే పట్టేసింది. పెద్ద సినిమా అంటే మన లెక్కలో రెండున్నర గంటలు, మేం తీసేది పన్నెండు నిమిషాలు. అడిగినవాళ్లకి చెప్పడానికి ఒక నవ్వు కూడా ఉంది. రెండున్నర అన్నది సినిమా పనిని వర్ణించదు, ఊరి పేరు కాదు, మనిషి పేరు కాదు. ఇంగ్లీషులో Rendunnara, పది అక్షరాలు. మొదట్లో వ, య, శ లేవు.

ఫోన్ పరీక్షలో తెలుగువాళ్లిద్దరూ సరిగ్గా రాశారు. ఒడియా వాళ్లలో ఒకరు సరిగ్గా, ఒకరు 'రెండునర' అని ఒక న తో రాశారు. ఇంగ్లీషులో రాసినతను Rendunara అన్నాడు. అంటే మా పేరుకున్న ఒకే ఒక్క బలహీనత ఆ ద్విత్వం దగ్గర ఉందని తెలిసింది. పేరు మార్చలేదు. రెండు n లు మా స్పెల్లింగుగా ఖాయం చేసి, ఒక n ఉన్న పేర్లు కూడా మేమే తీసుకోవాలని రాసి పెట్టుకున్నాం. పరీక్ష వల్ల లాభం ఇదే, పేరు ఎక్కడ జారుతుందో ముందే తెలుస్తుంది.

వెతకడం: గూగుల్‌తో ఆపొద్దు

గూగుల్‌లో కనబడలేదంటే ఎవరికీ లేదని కాదు. రెండేళ్ల కింద దరఖాస్తు పెట్టి ఇంకా ఒక్క సినిమా కూడా విడుదల చేయనివాడు గూగుల్‌కి దొరకడు, ట్రేడ్‌మార్క్ రిజిస్టరులో మాత్రం ఉంటాడు.

ipindia.gov.in లో ట్రేడ్‌మార్కుల పబ్లిక్ సెర్చ్ ఉచితం. అక్కడ Wordmark ఎంచుకుని, Contains పెట్టి, వర్గం 41 ఇచ్చి వెతకండి. పూర్తి పేరు కొట్టొద్దు, గుండెకాయ లాంటి ముక్క కొట్టండి. మేం RENDU తో మొదలుపెట్టాం. తర్వాత Phonetic లో పూర్తి పేరుతో, రెండు n లతో ఒకసారి, ఒక n తో ఒకసారి. అదే పని 9, 35 వర్గాల్లో కూడా చేయండి. రికార్డు చేసిన, డౌన్‌లోడ్ చేసుకునే వీడియోలు 9లోకి వస్తాయి కాబట్టి సినిమా కంపెనీలు కొన్ని అక్కడ కూడా నమోదు చేసుకుంటాయి.

దొరికిన ప్రతిదాని పక్కన స్థితి రాసి ఉంటుంది. తిరస్కరించినవి, వదిలేసినవి చూసి భయపడక్కర్లేదు. నమోదైనవి, అభ్యంతరం దశలో ఉన్నవి, వ్యతిరేకత ఎదుర్కొంటున్నవి మాత్రం బతికున్నట్టే లెక్క.

ఎంత దగ్గరైతే దగ్గర? ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. 'వాళ్లది ఫలానా పిక్చర్స్, మాది ఫలానా స్టూడియోస్, వేరే కదా' అంటారు. కాదు. పిక్చర్స్, ఫిలిమ్స్, స్టూడియోస్, క్రియేషన్స్ అందరూ వాడే మాటలు, వాటికి బలం లేదు. పోల్చేది మిగిలిన మాటనే. కాగితాలు పక్కపక్కన పెట్టి తేడాలు వెతికే మనిషిలా కాకుండా, ఎప్పుడో ఒకసారి విని సగం మర్చిపోయిన మనిషిలా పోల్చి చూస్తారు. చూపుకి, చెవికి, భావానికి, దేనికి దగ్గరగా ఉన్నా చిక్కే. మీ తెలుగు పేరుకి అర్థం రాసినప్పుడు ఆ అర్థం ఉన్న ఇంగ్లీషు పేరు ఎవరికైనా ఉందేమో కూడా చూడాలి. మేం 'టూ అండ్ హాఫ్' అని కూడా వెతికాం.

తర్వాత mca.gov.in లో కంపెనీల పేర్లు, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్. యూట్యూబ్‌లో మూడు లిపుల్లోనూ కొట్టి చూడండి. రిజిస్టరు ఖాళీగా ఉండి, యూట్యూబ్‌లో మాత్రం అదే పేరుతో ఎవరో నాలుగేళ్లుగా షార్ట్ ఫిలిములు పెడుతున్నారనుకోండి. ఆ పేరు వదిలేయండి. నమోదు చేయకపోయినా ముందు నుంచి వాడుతున్నవాడికి హక్కు ఉంటుంది, చట్టంలో 34వ సెక్షన్ అదే చెబుతుంది. మీరు సర్టిఫికెట్ తెచ్చుకున్నా అతన్ని ఆపలేరు.

తోక మాట

పేరు చివర తగిలించే మాట మీద ఎక్కువసేపు కొట్టుకోవద్దు. 'షార్ట్ ఫిలిమ్స్' అని మాత్రం పెట్టకండి, రేపు పెద్ద సినిమా తీస్తే ఇబ్బంది. 'ఎంటర్‌టైన్‌మెంట్స్' పొడుగు, టైటిల్ కార్డు మీద అసలు పేరుని చిన్నది చేసేస్తుంది. నాకు టాకీస్ ఇష్టం, కానీ జనం సినిమా హాలు అనుకుంటారు. మేం ఫిలిమ్స్ పెట్టుకున్నాం. ఒడియాలో రాసినా తెలుగులో రాసినా అదే మాట.

పేరు ఎవరిది? టీ తాగుతుండగానే రాసుకోండి

స్నేహితుల బ్యానర్లు విడిపోయేటప్పుడు గొడవ కెమెరా గురించి ఉండదు. కెమెరా ఎవరు కొన్నారో అందరికీ తెలుసు. గొడవ పేరు గురించి, ఛానెల్ గురించి. పేరు చెప్పింది ఒకడు, లోగో వేసింది ఒకడు, ఛానెల్ ఉన్నది మూడోవాడి జీమెయిల్‌లో, డబ్బు పెట్టింది నాలుగోవాడు.

దారులు మూడు. ఒకరి పేరు మీద సొంత వ్యాపారంగా నడపడం, నలుగురూ భాగస్వామ్య సంస్థ పెట్టుకోవడం, కంపెనీయో ఎల్ఎల్‌పీయో పెట్టడం. షార్ట్ ఫిలిములకి కంపెనీ బరువెక్కువ, ఏటా లెక్కల దాఖలు ఖర్చే ఒక సినిమా ఖర్చవుతుంది. కావాలనుకుంటే పేరు కోసం mca.gov.in లో కంపెనీ పెట్టే ఫారం SPICe+ మొదటి భాగం వేయాలి. వెయ్యి రూపాయల రుసుముతో రెండు పేర్లు ఇవ్వొచ్చు, ఆమోదిస్తే 20 రోజులు పట్టి ఉంచుతారు. ఆ లోపు మిగతా పని పూర్తి చేయకపోతే పేరు జారిపోతుంది. ఇంకో మాట, కంపెనీ పేరు వచ్చినంత మాత్రాన ట్రేడ్‌మార్క్ వచ్చినట్టు కాదు. అది వేరు, ఇది వేరు.

మేం భాగస్వామ్య సంస్థ పెట్టుకున్నాం. ఒప్పందంలో పేరు గురించి మేం రాయించుకున్న మాటలు ఇవి: పేరు, లోగో, ఛానెల్ సంస్థవి. బయటికి వెళ్లినవాడు తను పనిచేసిన సినిమాల్లో తన క్రెడిట్ ఉంచుకుంటాడు, పేరు మాత్రం వాడడు. ఇద్దరికంటే తక్కువ మిగిలితే పేరు చివరివాడికి చెందుతుంది, మిగతావాళ్లకి అప్పటిదాకా అయిన ట్రేడ్‌మార్క్ ఖర్చులో వాటా తిరిగిస్తాడు. ఈ చివరి మాట రాసేటప్పుడు మా వాడొకడు 'ఒరే, పెళ్లికి ముందే విడాకులేటిరా' అన్నాడు. అయినా సంతకం పెట్టాడు. సంస్థని రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు. కానీ చేయించకపోతే డబ్బు ఎగ్గొట్టినవాడి మీద సంస్థ పేరుతో దావా వేయలేరు.

సరిహద్దులో ఇంకో చిన్న ముడి ఉంది. మా నలుగురిలో ఒకడిది పాతపట్నం, అంటే ఆంధ్ర. ముగ్గురం పర్లాకిమిడి. సంస్థ చిరునామా ఎక్కడ పెడితే దాన్ని బట్టి ట్రేడ్‌మార్క్ ఆఫీసు మారుతుంది. ఒడిశా చిరునామాకి కోల్‌కతా, ఆంధ్ర చిరునామాకి చెన్నై, మహారాష్ట్రకి ముంబై. దరఖాస్తు ఆన్‌లైనే కాబట్టి రైలెక్కే పని లేదు. కానీ చిరునామా, బ్యాంకు ఖాతా, పాన్ అన్నీ ఒకే రాష్ట్రంలో ఉంటే కాగితాలు ఒకదానికొకటి సరిపోతాయి.

అకౌంట్లు తీసుకునే క్రమం

పేరు తేలిన రోజు సాయంత్రమే, ఎవరికీ చెప్పకముందే, ఈ పని చేయండి. ముందు బ్యానర్ పేరుతో కొత్త ఈమెయిల్. దానితోనే యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్, కుదిరితే డొమైన్. యూట్యూబ్‌లో ఒకరికి మించి ఓనర్లని పెట్టుకునే బ్రాండ్ అకౌంట్ తీసుకోండి, ఇద్దరు ఓనర్లుగా ఉండండి. ఒకడి ఫోన్ పోతే ఛానెల్ పోకూడదు. ఇన్‌స్టాగ్రామ్ పేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్క, కింద గీత మాత్రమే పడతాయి, 30 దాటకూడదు. మీ పేరు తోకతో కలిపి అందులో పట్టాలి. జారే స్పెల్లింగు, మాకైతే ఒక n ది, అది కూడా తీసుకుని ఖాళీగా ఉంచండి.

దరఖాస్తు

ఫారం పేరు TM-A. ఆన్‌లైన్‌లో ఒక వర్గానికి వ్యక్తులకి, స్టార్టప్‌లకి, చిన్న పరిశ్రమలకి 4500 రూపాయలు, మిగతావాళ్లకి 9000. భాగస్వామ్య సంస్థ పేరుతో వేస్తే మామూలుగా 9000 పడుతుంది. చిన్న వ్యాపారాలు ప్రభుత్వం దగ్గర చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే 4500తో పోతుంది. ఉద్యమ్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్లు అసలైనవి కావు. ముందు ఉద్యమ్, తర్వాత TM-A. ఈ క్రమం తిరగేసి సగం డబ్బు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

41 ఒక్కటి చాలు. లోగో కాకుండా ముందు మాటనే నమోదు చేయండి. లోగోలు ప్రతి రెండేళ్లకీ మారతాయి, మాట ఉంటుంది. తెలుగు లిపిలో వేస్తే దాని ఉచ్చారణ, అర్థం ఇంగ్లీషులోనో హిందీలోనో ఇవ్వాలి. మేం ఇంగ్లీషు అక్షరాల్లోనే వేశాం, పోటీల్లోనూ పోర్టళ్లలోనూ వాడేది అదే కాబట్టి.

'ఎప్పటి నుంచి వాడుతున్నారు' అన్న ప్రశ్న దగ్గర ఆగండి. ఇంకా వాడకపోతే వాడబోతున్నాం అని చెప్పాలి. వాడుతుంటే తేదీ చెప్పి, అఫిడవిట్‌తో రుజువులు పెట్టాలి. మొదటి అప్‌లోడ్ తేదీ కనబడే స్క్రీన్‌షాట్, పోస్టరు, పోటీ సర్టిఫికెట్ పనికొస్తాయి, వాటన్నిటిలో స్పెల్లింగు ఒక్కటే అయితేనే. మా ఏటిగట్టు రోజుల్లో అయితే మూడు రుజువుల్లో మూడు పేర్లుండేవి. దరఖాస్తు వేసే రోజు పొద్దున్న ఇంకోసారి వెతకండి, మధ్యలో ఎవరైనా వేసి ఉండొచ్చు.

దరఖాస్తు నంబరు వచ్చాక పేరు పక్కన TM గుర్తు పెట్టుకోవచ్చు. గుండ్రంలో R మాత్రం నమోదయ్యాకే, ముందే పెడితే చట్టరీత్యా తప్పు. పరీక్షకుడు అభ్యంతరం రాస్తే, ఆ రిపోర్టు అందిన నెల లోపు జవాబివ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తు వదిలేసినట్టే. అది ఈమెయిల్‌కే వస్తుంది, ఒక్కోసారి స్పామ్‌లో పడుతుంది. వారానికోసారి స్థితి చూసే పని ఒకరికి అప్పగించండి. అంగీకరిస్తే ట్రేడ్‌మార్క్ జర్నల్లో వేస్తారు, నాలుగు నెలల్లోపు ఎవరూ వ్యతిరేకించకపోతే నమోదవుతుంది. దరఖాస్తు తేదీ నుంచి 10 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు.

హాల్లో టికెట్టు పెట్టి వేస్తే సెన్సారు సర్టిఫికెట్ కావాలి, ఒడిశాలో ఆ ఆఫీసు కటక్‌లో ఉంది. దరఖాస్తులోనూ సినిమాలోనూ బ్యానర్ పేరు ఒకేలా ఉండేలా చూసుకోండి.

పాత పేరుతో ఉన్న సినిమాలు

ఛానెల్‌కి పేరు మార్చితే సబ్‌స్క్రైబర్లు, వ్యూస్ ఎక్కడికీ పోవు. కానీ పద్నాలుగు రోజుల్లో రెండుసార్లకి మించి మార్చనివ్వదు, అందుకని స్పెల్లింగు ఖాయమయ్యాకే ముట్టుకోండి. హ్యాండిల్ మార్చాక పాతది పద్నాలుగు రోజులే మీ కోసం ఉంటుంది, తర్వాత ఎవరైనా తీసుకోవచ్చు.

వీడియో లోపల ఉన్న టైటిల్ కార్డుని మాత్రం మళ్లీ అప్‌లోడ్ చేయకుండా మార్చలేరు. మళ్లీ అప్‌లోడ్ చేస్తే వ్యూసూ కామెంట్లూ సున్నా నుంచి మొదలవుతాయి. మేం డిస్క్రిప్షన్ మొదటి లైనులో 'ఏటిగట్టు క్రియేషన్స్ ఇప్పుడు రెండున్నర ఫిలిమ్స్' అని రాసి వదిలేశాం. మా మొదటి సినిమా తెరిస్తే ఇప్పటికీ మొదట వచ్చేది Yetigattu అన్న కార్డే. దాని కింద ఎవరో ఒడియాలో పెట్టిన కామెంటు కూడా అలాగే ఉంది: యేతి ఎప్పుడొస్తాడు అని.